పోటీ విశ్లేషణ పట్టిక: మనల్ని పొగడని, మార్కెట్లో వెలితిని చూపే ప్రమాణాలను ఎంచుకోవడం ఎలా?

స్టార్టప్ ప్రజెంటేషన్లలో పోటీదారుల పేజీ దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఎడమవైపు ఆరేడు లక్షణాలు, పైన మూడు నాలుగు కంపెనీల పేర్లు, చివర మన పేరు. మన పేరు కింద అన్నీ పచ్చ టిక్కులే, పక్కవాళ్ల కింద అక్కడక్కడా ఎర్ర గుర్తులు. దాన్ని చూసినవారికి తెలిసేది ఒక్కటే, ఆ జాబితా ఎవరు రాశారన్నది. తన ఉత్పత్తిలో ఉన్నవాటినే ప్రశ్నలుగా పెట్టుకుంటే నూటికి నూరు మార్కులు ఎవరికైనా వస్తాయి.

అలాంటి పట్టికలో ఒక్క అబద్ధం కూడా ఉండకపోవచ్చు. విడివిడిగా చూస్తే ప్రతి గడీ నిజమే కావచ్చు. పక్షపాతమంతా వరుసల ఎంపికలో ఉంటుంది. కాబట్టి గడులను ఎంత జాగ్రత్తగా సరిచూసుకున్నా పట్టిక బాగుపడదు. వరుసలు ఎవరి నోటి నుంచి రావాలన్నదే మారాలి.

ఒక ఉదాహరణను చివరిదాకా నడిపించి చూద్దాం. ఇది ఊహించినదే, ఇందులోని అంకెలు కూడా వివరణ కోసం వేసుకున్నవే. 50 నుంచి 150 మంది నర్సులున్న మధ్యస్థాయి ఆసుపత్రులకు డ్యూటీ చార్టు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఒకామె నిర్మించింది. ఆమె మొదట వేసుకున్న పట్టిక ఇది:

| ప్రమాణం | ఆసుపత్రి నిర్వహణ సాఫ్ట్‌వేర్ | సాధారణ షిఫ్టుల యాప్ | మేము |
|---|---|---|---|
| చార్టు దానంతటదే తయారవుతుంది | ✗ | ✗ | ✓ |
| మొబైల్ యాప్ ఉంది | ✗ | ✓ | ✓ |
| వెంటనే నోటిఫికేషన్ వెళుతుంది | ✗ | ✓ | ✓ |
| వాడటం సులభం | ✗ | ✗ | ✓ |
| నర్సుల కోసమే రూపొందింది | ✗ | ✗ | ✓ |

## 1. ఎవరు, ఏ పూట, ఏ పని

పట్టిక గీసే ముందు ఒక వాక్యం రాసుకోవాలి: ఫలానా మనిషి, ఫలానా సందర్భంలో, ఫలానా పని ఎలా చేయాలో తేల్చుకుంటున్నాడు. మన ఉదాహరణలో ఆ మనిషి వార్డు ఇన్‌చార్జి నర్సు. సందర్భం, తన వార్డులో ప్రతి షిఫ్టుకూ సరిపడా మనుషులు ఉండేలా చూసుకోవడం.

‘ఆసుపత్రులు’ అని రాస్తే చాలదు. ఇన్‌చార్జి నర్సుకు నొప్పి ఒకచోట ఉంటుంది, డబ్బు చెల్లించే యాజమాన్యానికి మరోచోట ఉంటుంది. ఇద్దరినీ ఒకే పట్టికలో కలిపితే వరుసలు ఎవరికీ చెందకుండా పోతాయి. వాడేవారు, కొనేవారు వేరైతే రెండు పట్టికలు వేయాలి. ముందు వాడేవారిది.

## 2. నిలువు వరుసల్లో ఎవరిని కూర్చోబెట్టాలి

మన ఉత్పత్తి పుట్టనే లేదనుకుందాం. ఆ ఇన్‌చార్జి నర్సు రేపు ఏం చేస్తుంది? ఎక్సెల్‌లో చార్టు వేసి, ప్రింటు తీసి గోడకు అంటిస్తుంది. మార్పులుంటే వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. అత్యవసరమైతే ఫోన్లు చేస్తుంది. అసలు పోటీదారు ఇదే. పై పట్టికలో దీనికి చోటే లేదు. కంపెనీ పేరున్నవాళ్లనే పోటీదారులుగా లెక్కపెట్టడం చాలామందికి అలవాటు. కానీ కొత్త ఉత్పత్తులు చాలాసార్లు ఓడేది మరో కంపెనీ చేతిలో కాదు, ‘ఇప్పుడు జరిగిపోతోంది కదా’ అనే ధోరణి చేతిలో.

ఇంజనీరింగ్ డిజైన్‌లో స్టువర్ట్ ప్యూ పేరుతో ఒక పోలిక పద్ధతి ఉంది. అందులో అనేక ప్రత్యామ్నాయాల్లో ఒకదాన్ని ఆధారంగా నిలబెట్టి, మిగతా ప్రతిదాన్నీ దానికన్నా మెరుగా, నాసిరకమా, సమానమా అని మాత్రమే గుర్తిస్తారు. మనకు పనికొచ్చేది ఆ ‘ఆధారం’ అనే ఆలోచన. టిక్కుల పట్టికల్లో తెలియకుండానే మన ఉత్పత్తే ఆధారమై కూర్చుంటుంది, మిగతావన్నీ దానికి తగ్గినట్టు కనిపిస్తాయి. ఆ స్థానాన్ని వినియోగదారు ఇప్పుడు వాడుతున్న పద్ధతికి ఇవ్వాలి. అది పట్టికలో మొదటి నిలువు వరుస కావాలి. దాని పక్కన, వాళ్లు నిజంగా పరిశీలించిన లేదా వాడి వదిలేసిన రెండు మూడు మార్గాలు చాలు. ఎవరూ పేరు కూడా ఎత్తని పోటీదారును చేర్చి ఓడించడం వల్ల ప్రయోజనం లేదు.

## 3. వరుసలను వాళ్ల నోటి నుంచి రాబట్టడం

శ్రమంతా ఇక్కడే. ‘మీకు ఏ ఫీచర్లు ముఖ్యం?’ అని అడిగితే మర్యాద జవాబులు వస్తాయి: సులభంగా ఉండాలి, ధర తక్కువ ఉండాలి, వేగంగా పనిచేయాలి. వాటితో వేసిన పట్టిక ఏ ఉత్పత్తికైనా సరిపోతుంది, అంటే దేనికీ పనికిరాదు.

మొదట జరిగినదాన్ని అడగాలి. ‘చివరిసారి డ్యూటీల విషయంలో ఇబ్బంది ఎప్పుడు వచ్చింది? ఆ రోజు ముందు ఏం చేశారు? తర్వాత?’ అభిప్రాయాలు వద్దు, సంఘటన కావాలి. మన ఉత్పత్తి ప్రస్తావన రాకూడదు. వస్తే ఎదుటివారు మనల్ని నొప్పించకుండా మాట్లాడటం మొదలుపెడతారు.

రెండో పద్ధతి మనస్తత్వ శాస్త్రం నుంచి వచ్చింది. మనుషులు లోకాన్ని ఏ కొలమానాలతో చూస్తారో రాబట్టడానికి అమెరికన్ మనస్తత్వవేత్త జార్జ్ కెల్లీ 1955లో ఒక విధానాన్ని ప్రచురించాడు. మూడు వస్తువులను ముందు పెట్టి, ‘వీటిలో ఏ రెండు ఒకలా ఉన్నాయి, మూడోది వాటికి ఎలా భిన్నం?’ అని అడగడమే దాని కీలకం. కొలమానం అడిగేవాడిది కాకుండా, చెప్పేవాడిది అవుతుంది.

చేసే తీరు ఇలా ఉంటుంది. ఆమె ఇప్పటివరకు స్వయంగా వాడిన పద్ధతుల పేర్లను చిన్న కార్డుల మీద రాయాలి: గోడ మీది చార్టు, వాట్సాప్ గ్రూపు, ఫోన్లు, ఒకప్పుడు ప్రయత్నించి మానేసిన షిఫ్టుల యాప్. మన ఉత్పత్తికి కార్డు ఉండకూడదు. మూడేసి కార్డులు చూపిస్తూ అదే ప్రశ్న అడగాలి. సంభాషణ ఇలా సాగవచ్చు:

“మేడమ్, గ్రూపు, యాప్, ఫోను. వీటిలో ఏ రెండు ఒకలాంటివి?”

“గ్రూపు, యాప్ ఒకటేనండీ. మెసేజ్ పెడతాం, చూశారో లేదో తెలియదు. ఫోను చేస్తే వస్తారో రారో అప్పుడే తేలిపోతుంది.”

“అప్పుడే తేలడం మీకెందుకు ముఖ్యం?”

“ఉదయం ఆరింటికి ఒకమ్మాయి రాలేనంటే ఏడింటికల్లా ఇంకొకరు వార్డులో ఉండాలి కదా. లేకపోతే నైట్ చేసినవాళ్లనే ఆపాలి. వాళ్లు ఎన్ని గంటలని నిలబడతారు?”

ఈ నాలుగు మాటల్లో ఒక వరుస పుట్టింది. దాని రెండు కొసలూ ఆమే చెప్పింది: ఒకవైపు ‘చూశారో లేదో తెలియదు’, మరోవైపు ‘అప్పుడే తేలిపోతుంది’. మనం కూర్చుని ఆలోచించుకుని ఉంటే దీన్ని ‘వెంటనే నోటిఫికేషన్’ అని రాసేవాళ్లం, పూర్తిగా తప్పేవాళ్లం. మెసేజ్ వేగంగా చేరడం ఆమెకు సమస్య కాదు, జవాబు ఖాయం కావడమే సమస్య.

‘ఎందుకు ముఖ్యం?’ అన్న రెండో ప్రశ్నను వదలకూడదు. మొదటి జవాబు తరచూ వస్తువు గురించి ఉంటుంది, రెండోది పని గురించి ఉంటుంది. వరుసకు పనికొచ్చేది రెండోదే.

వరుసగా ఇద్దరు ముగ్గురితో మాట్లాడినా కొత్త కొలమానం రాకపోతే ఆపవచ్చు. ఒకే పాత్రలో ఉన్నవారితోనే మాట్లాడితే ఇది త్వరగానే జరుగుతుంది. ఎంతకీ ఆగకపోతే మొదటి మెట్టులో ‘ఎవరు’ అన్నది సరిగా తేల్చుకోలేదని అర్థం.

## 4. మాటను కొలతగా మార్చడం

ఇద్దరు వేర్వేరు మనుషులు విడివిడిగా నింపినా గడిలో దాదాపు ఒకే జవాబు రావాలి. రాకపోతే అది ప్రమాణం కాదు, అభిప్రాయం. ‘వాడటం సులభం’ ఈ పరీక్షలో వెంటనే పోతుంది. ఇన్‌చార్జి నర్సు చెప్పినదాన్ని ఇలా రాయవచ్చు: ఒకరు రావడం లేదని తెలిసినప్పటి నుంచి మరొకరు ఖాయమయ్యేవరకు పట్టే నిమిషాలు. మొదలు, ముగింపు రెండూ స్పష్టంగా ఉన్నాయి కాబట్టి గడియారం పెట్టి కొలవవచ్చు.

అన్నీ అంకెలే కానక్కరలేదు. ‘వచ్చే మనిషి నిన్న రాత్రి డ్యూటీ చేసిందా, ఈ వార్డులో పనిచేయగలదా అన్నది ఎవరు సరిచూస్తారు?’ అన్నదానికి జవాబు ఒక వాక్యమే. అయినా ఎవరు నింపినా ఒకే వాక్యం వస్తుంది.

## 5. జల్లెడ

పోగైన వరుసల్లో సగం పోవాలి. నేను వాడేవి మూడు పరీక్షలు.

మొదటిది, వరుసను తిరగేసి చూడటం. దాని వ్యతిరేకాన్ని తెలివైనవారెవరైనా కావాలని ఎంచుకుంటారా? ‘సులభం’కు వ్యతిరేకం ‘కష్టం’, దాన్ని ఎవరూ అమ్మరు. కాబట్టి అది వరుస కాదు, పొగడ్త. అదే ‘ప్రతి వార్డుకూ విడి నియమాలు పెట్టుకోవచ్చు’ అన్నదానికి వ్యతిరేకం ‘నియమాలేవీ లేకుండా ఈ రోజే మొదలుపెట్టవచ్చు’. రెండోదాన్ని కోరుకునేవారు చాలామంది ఉంటారు. ఒకటి దక్కాలంటే మరొకటి వదులుకోవాల్సిన వరుసల్లోనే పోటీదారుల మధ్య అసలు తేడాలు బయటపడతాయి.

రెండోది, పోటీదారు సంతకం. వాళ్ల సేల్స్ మనిషి ఈ వరుసను చూసి ‘అవును, మా వినియోగదారులూ ఇదే అడుగుతారు’ అంటాడా? ‘నర్సుల కోసమే రూపొందింది’ అన్న వరుస మీద ఎవరూ సంతకం పెట్టరు. అది ఉత్పత్తి పరిచయ వాక్యమే తప్ప ప్రమాణం కాదు.

మూడోది, కవలల వేట. మొబైల్ యాప్, వెంటనే నోటిఫికేషన్ రెండు వరుసలుగా కనిపిస్తాయి కానీ మొదటిది ఉన్నచోట రెండోది దాదాపు ఉంటుంది. ఒక్క బలాన్నే రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. రెండు వరుసల్లో గడులన్నీ ఒకేలా నిండుతుంటే ఒకదాన్ని తీసేయాలి.

ఇక అందరూ సమానంగా ఉన్న వరుసలు, ఉదాహరణకు డేటా భద్రత, పట్టిక కింద ఒక వాక్యంలో చెబితే చాలు. అవి లేకపోతే మనల్ని గుమ్మంలోకి కూడా రానివ్వరు, ఉంటే మాత్రం ఎవరూ మెచ్చుకోరు.

జల్లెడ పట్టాక కూడా మనం ఓడే వరుస ఒక్కటీ మిగలకపోతే అనుమానించాలి. దానికి విరుగుడుగా చాలామంది ‘బ్రాండ్ గుర్తింపు’ అని ఒక వరుస చేర్చి అందులో ఓడిపోతారు. అది వినయం నటించడమే. వినియోగదారు మనల్ని కాదనుకోవడానికి కారణమయ్యే వరుసలో ఓడితేనే అది నిజమైన ఓటమి.

## 6. గడులు నింపడం

టిక్కులు వద్దు. పావు, సగం, ముప్పావు నిండిన వృత్తాలు కూడా వద్దు. ఆ వృత్తాలను 1970లలో బూజ్ అలెన్ సంస్థలో పనిచేసిన హార్వీ పాపెల్ ప్రవేశపెట్టాడు, అందుకే వాటిని హార్వీ బాల్స్ అంటారు. అవి చూడటానికి కొలిచినట్టుంటాయి. సగం వృత్తాన్ని సగమని తేల్చింది ఎవరన్నది మాత్రం చెప్పవు. గడిలో అంకె ఉండాలి, లేదా చిన్న వాక్యం ఉండాలి. వెనక మరో షీటులో, ఆ సంగతి ఎలా తెలిసింది, ఏ తేదీన తెలిసింది అన్నది ఉండాలి.

పోటీదారు ప్రచార పేజీని ఆధారంగా తీసుకోకూడదు. వాళ్ల సహాయ పేజీలు చదవాలి. ‘ఇది ఎలా చేయాలి’ అని వివరించే చోట, ఏది చేయలేమో కూడా బయటపడుతుంది. వీలైతే ట్రయల్ తీసుకుని, ఇన్‌చార్జి నర్సు చెప్పిన ఉదయం ఆరు గంటల పరిస్థితినే అందులో నడిపించి చూడాలి. తెలియని చోట ‘తెలియదు’ అని రాయడం మేలు.

మన నిలువు వరుసను చివర నింపాలి, ఈ రోజు పనిచేస్తున్న రూపాన్ని బట్టే నింపాలి. వచ్చే నెల రాబోయేది రాబోయేదే. పోటీదారుల రాబోయే నెలను మనం పట్టికలో రాయడం లేదు కదా.

ఇలా నింపితే మన ఉదాహరణ ఇలా తయారైంది:

| ప్రమాణం | ఇప్పటి పద్ధతి | సాధారణ షిఫ్టుల యాప్ | ఆసుపత్రి నిర్వహణ సాఫ్ట్‌వేర్ | మేము, ఈ రోజు |
|---|---|---|---|---|
| నెల చార్టు వేయడానికి | 4 గంటలు | 2 గంటలు | 4 గంటలు | 20 నిమిషాలు |
| రాలేనన్నవారి స్థానంలో మరొకరు ఖాయం కావడానికి | 40 నిమిషాలు | 25 నిమిషాలు | 40 నిమిషాలు, ఫోన్లతోనే | 40 నిమిషాలు, ఫోన్లతోనే |
| విశ్రాంతి, వార్డు అనుభవం సరిచూసేది | ఇన్‌చార్జి జ్ఞాపకం | ఎవరూ చూడరు | వివరాలున్నాయి, చార్టుతో కలపలేదు | చార్టు వేసేటప్పుడు మాత్రమే |
| యాప్ పెట్టుకోని నర్సుకు కబురు | అందుతుంది | అందదు | అందదు | అందదు |
| కొత్తగా మొదలుపెట్టడానికి | ఏమీ అక్కరలేదు | 1 వారం | 2 నెలలు | 1 వారం |

## 7. చదవడం: అడ్డంగా, నిలువుగా కాదు

నిలువుగా చదివితే ఎవరు గెలిచారో తెలుస్తుంది. వెలితి కనిపించేది అడ్డంగా చదివినప్పుడే. ప్రతి వరుసకూ మూడు ప్రశ్నలు వేయాలి: అందరూ బలహీనంగా ఉన్నారా? ఈ అవసరం ఎంత తరచుగా వస్తుంది? దాన్ని తట్టుకోవడానికి వినియోగదారు సొంతంగా ఏదైనా తంటాలు పడుతున్నారా?

మొదటి వరుసలో మన గెలుపు ఘనమైనదే. కానీ ఆ పని నెలకు ఒక్కసారి వస్తుంది, తీరిక చూసుకుని చేసుకునే పని. సంభాషణల్లో ఎవరూ దాన్ని బాధగా చెప్పలేదు. వ్యవస్థాపకురాలు ఎక్కువ కష్టపడింది దాని మీదే. సాంకేతికంగా కష్టమైన పనికి విలువ కూడా ఎక్కువ ఉంటుందని అనిపించడం సహజం, పట్టిక ఆ మాట ఒప్పుకోవడం లేదు.

రెండు, మూడు, నాలుగు వరుసలను కలిపి చూడాలి. మనిషి హఠాత్తుగా రాకపోవడం తరచూ జరిగేదే, అందరూ అక్కడ తడబడుతున్నారు. పైగా ఇన్‌చార్జి నర్సులు తంటాలు పడుతున్నారు: పిలిస్తే వచ్చేవాళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో విడిగా రాసుకుంటారు, కొన్నిసార్లు తామే రెండో షిఫ్టు కూడా నిలబడతారు. ఆ నోటుబుక్కు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. ఎవరూ అడగకుండానే, ఎవరూ డబ్బివ్వకుండానే మనిషి తన కోసం ఒక పరికరం తయారుచేసుకున్నాడంటే, అక్కడ అవసరం ఉంది.

## 8. ఆ చోటు ఎందుకు ఖాళీగా ఉంది?

ఖాళీ కనిపించగానే సంబరపడితే పట్టిక మళ్లీ పొగడ్తలోకే జారిపోతుంది. ఖాళీకి నాలుగు కారణాలు ఉండవచ్చు. ఎవరికీ అక్కరలేదు. ఎవరి చేతా కాలేదు. పోటీదారులు ఇంకా అక్కడికి రాలేదు. లేదా రావడం వాళ్లకు నష్టం. నోటుబుక్కు ఉంది కాబట్టి మొదటి కారణం కాదు. ఇది చేయలేనంత కష్టం కూడా కాదు, కాబట్టి రెండోదీ కాదు. మూడోదైతే మన ఆధిక్యం వాళ్ల తదుపరి అప్‌డేట్ వచ్చేవరకే. నాలుగోదైతేనే కాలం మన పక్షాన ఉంటుంది.

ఏది నిజమో తెలియాలంటే పోటీదారు ఆదాయం ఎవరి నుంచి వస్తుందో చూడాలి. సాధారణ షిఫ్టుల యాప్ ప్రధానంగా దుకాణాలు, గిడ్డంగుల కోసం తయారైందనుకుందాం. అక్కడ చాలా పనుల్లో ఒకరి బదులు మరొకరు నిలబడగలరు. ఖాళీ షిఫ్టును అందరికీ చాటి, ముందు చెయ్యెత్తినవారికి ఇవ్వడమే దాని బలం. ఐసీయూలో అలా కుదరదు. అర్హత, విశ్రాంతి నియమాలు చేర్చితే వాళ్ల మిగతా వినియోగదారులకు యాప్ బరువెక్కుతుంది. మూడో వరుసలో వాళ్లు వెనకబడటానికి కారణం బద్ధకం కాదు, లెక్క. అంటే మూడో వరుసలో ఖాళీ కొంతకాలం నిలుస్తుంది. నాలుగో వరుసకు అలాంటి రక్షణ లేదు. యాప్ లేనివారికి ఫోన్ కాల్ ద్వారా కబురు పంపి, ఒక అంకె నొక్కితే జవాబు నమోదయ్యేలా చేయడం ఎవరైనా చేర్చుకోగలిగిన పని. దాన్ని చేయాలి కానీ, మా ప్రత్యేకత అని చెప్పుకోకూడదు.

ఇప్పుడు రెండో పట్టిక, యాజమాన్యానిది. వాళ్ల వరుసలు వేరు: ఓవర్‌టైమ్ ఖర్చు, బయటి ఏజెన్సీ నుంచి నర్సులను పిలిపించే ఖర్చు, తనిఖీకి వచ్చినవారికి చూపించగల రికార్డు. ఇన్‌చార్జి నర్సు చెప్పిన 40 నిమిషాలు వీటిలో దేన్నైనా కదిలిస్తాయా? కదిలిస్తే రెండు పట్టికలూ ఒకచోట కలుస్తాయి, అమ్మకానికి దారి ఉంటుంది. కదిలించకపోతే వెలితి నిజమైనదే, దానికి డబ్బు చెల్లించేవారే ఉండరు. ఈ రెండో సంగతి నచ్చక చాలామంది ఈ పట్టిక వేయకుండానే ఊరుకుంటారు.

## 9. వరుసను పరీక్షకు పెట్టడం

మన వ్యవస్థాపకురాలు ఇప్పుడు కోడ్ రాయనక్కరలేదు. ఒక వార్డును రెండు వారాలకు ఒప్పించి, ఎవరైనా రాలేనని చెప్పగానే ఇన్‌చార్జి నర్సు తనకు ఒక్క ఫోను చేసేలా ఏర్పాటు చేసుకోవాలి. ఆ తర్వాత విశ్రాంతి, అర్హత చూసి తయారుచేసిన జాబితా ప్రకారం తానే వరుసగా ఫోన్లు చేసి, ప్రతిసారీ నిమిషాలు రాసుకోవాలి. యాప్ తీసుకునే 25 నిమిషాల కంటే సమయం తగ్గి, పిలిచిన నర్సుల్లో ఎవరినీ ఇన్‌చార్జి వెనక్కి పంపకపోతే రెండు, మూడు వరుసలు నిలిచినట్టు. తగ్గకపోతే ఆ వరుసలను ప్రజెంటేషన్ నుంచి తీసేసి, కార్డులు పట్టుకుని మూడో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. నిలిచిన పట్టిక మీద మాత్రం తేదీ వేసి, పోటీదారుల అప్‌డేట్ పేజీలను మూడు నెలలకోసారి చూడాలి. సాధారణ యాప్‌లో ‘అర్హత’ అనే గడి కనిపించిన రోజున నాలుగో కారణం మూడోదిగా మారిపోయినట్టే.